నాలుక మొదలు చేసే పని: విజయనగరంలో అచ్చులు రికార్డు చేస్తూ రాసుకున్న ప్రాజెక్టు డైరీ

జూన్, మొదటి వారం

ఘనా దేశంలో మాట్లాడే ట్వీ భాషలో `fi` అంటే బయటికి వెళ్ళడం, `fe` అంటే వాంతి చేసుకోవడం. రాత చూసి మనం మొదటిదాన్ని ఇకారంతో, రెండోదాన్ని ఎకారంతో చదివేస్తాం. నిజానికి రెండోదానిలో ఉన్నది కూడా ఒక రకం ఇకారమే. నోటి ముందుభాగంలో నాలుక అమరిక రెండింటికీ దగ్గరదగ్గరగానే ఉంటుంది. అసలు తేడా వెనుక, అద్దంలో చూసుకున్నా కనిపించని చోట, గొంతులో ఉంది. మొదటి మాటలో నాలుక మొదలు ముందుకు జరిగి దాని వెనుక ఉన్న ఖాళీ పెద్దదవుతుంది. రెండోదానిలో ఆ మొదలు వెనక్కి ఉండి ఖాళీ చిన్నదవుతుంది. ధ్వనిశాస్త్రంలో ఈ లక్షణాన్ని అడ్వాన్స్‌డ్ టంగ్ రూట్ అంటారు, పొట్టిగా ఏటీఆర్. ఈ డైరీలో నేను ముందు రకం, వెనుక రకం అని రాసుకుంటున్నాను. గొంతుతో పనిచేస్తున్నప్పుడు ఆ మాటలే సులువుగా గుర్తొస్తాయి.

ప్రాజెక్టు రెండు ముక్కలు. ట్వీ అచ్చుల్లోని ఈ తేడాను రికార్డు చేసి, పలకడం నేర్చుకుని, ఎలా వినిపిస్తుందో తేల్చుకోవడం ఒకటి. మన మేక, మేకు అనే మాటల్లోని ఏకారాల మధ్య కూడా ఒక తేడా ఉంది. అది ఇలాంటిదేనా కాదా అని పరీక్షించడం రెండోది. మేకలో ఏ కాస్త విప్పారి ఉంటుంది, మేకులో బిగిసి ఉంటుంది. కోట, కోటు అని వరసగా అని చూడండి, ఓకారం కూడా అలాగే మారుతుంది. తరువాత వచ్చే అచ్చు అకారమైతే ఏ, ఓ దిగుతాయి. ఇకారమో ఉకారమో అయితే బిగుస్తాయి. తెలుగు ధ్వనుల గురించి రాసినవారు దీన్ని ఎప్పటినుంచో గమనిస్తూనే ఉన్నారు. దీని వెనుక నాలుక మొదలు పాత్ర ఎంత అన్నదే నా ప్రశ్న.

ట్వీ మాతృభాషగా ఉన్న ఒక విద్యార్థిని విజయనగరం దగ్గరి కళాశాలలో చదువుతోంది. ఆదివారాలు వచ్చి రికార్డింగ్ ఇవ్వడానికి ఒప్పుకుంది. మా ఇల్లు మూడు లాంతర్ల కూడలికి దగ్గర. తెల్లవారుజామున తప్ప వీధి సద్దుమణగదు. మంచం చుట్టూ బొంతలు కట్టి, ఫ్యాను ఆపి, మైకును నోటికి జానెడు దూరంలో కాస్త పక్కకు పెట్టాను. ఎదురుగా పెడితే `f` పలికేటప్పుడు ఊపిరి నేరుగా మైకును కొట్టి పక్క అచ్చు మొదలును పాడుచేస్తుంది. ఫైళ్ళన్నీ 44,100 హెర్ట్జ్ `wav`. ఎంపీ3గా కుదించిన ఫైలులో మనం కొలవబోయే బలహీనమైన పై ధ్వనులు ముందే పోతాయి.

జూన్, రెండో వారం: గొంతును చిటికె వేసి వినడం

కొలవడానికి ముందు పలకడం రావాలి. ఇందుకు ధ్వనిశాస్త్రం నేర్పేవాళ్ళు వాడే ఒక పాత ఉపాయం ఉంది. పరికరం అక్కర్లేదు.

ఊపిరి బిగబట్టాలి. బరువు ఎత్తబోయే ముందు గొంతులో ఎలా బిగుస్తుందో అలా. ఇప్పుడు నోటిని ఈకారం పలికే ఆకారంలో పెట్టి, కంఠమణికి కాస్త పైన, పక్కగా చూపుడువేలు గొంతుకు తగిలేలా చిటికె వేయాలి. టక్కుమని ఒక గుల్ల శబ్దం వస్తుంది. నోటి ఆకారాన్ని ఈ నుంచి ఏ మీదుగా ఆ వరకు మారుస్తూ చిటికెలు వేస్తే ఆ శబ్దం స్థాయి, అంటే శ్రుతి, మెట్టుమెట్టుగా పెరుగుతుంది. మనం వింటున్నది ఆ అచ్చు మొదటి ఫార్మంట్‌ను, అంటే గొంతూ నోరూ కలిసిన గొట్టం తాలూకు అన్నిటికన్నా కింది అనునాదాన్ని. కంప్యూటర్ తెర మీద దీని పేరు `F1`.

ఇప్పుడు అసలు అభ్యాసం. ఈకారం పలికే ఆకారంలోనే ఉండి, నాలుక కొనను కింది పళ్ళ వెనుక ఆనించి ఉంచి, ఆవులింత మొదలవుతున్నప్పుడు గొంతు విచ్చుకునే తీరును తెచ్చుకోవాలి. చిటికె శబ్దం కిందికి దిగుతుంది. అదే ఆకారంలో గొంతు వెనుకభాగాన్ని కాస్త ఇరుకు చేస్తే శబ్దం పైకి వెళుతుంది. రెండో చేతి బొటనవేలిని గడ్డం కింద మెత్తని చోట ఆనిస్తే ముందు రకంలో అక్కడ కండరం గట్టిపడి కిందికి ఉబ్బడం తెలుస్తుంది. గడ్డం లోపలి ఎముక నుంచి నాలుకలోకి విసనకర్రలా విచ్చుకునే కండరం ఒకటి ఉంది. దాని వెనుక పోగులు ముడుచుకున్నప్పుడు నాలుక మొదలు ముందుకు లాగబడుతుంది.

చిటికె స్థాయి మారడానికి కారణం చిన్న కుండకూ పెద్ద కుండకూ ఉన్న తేడాయే. ఇకారానికి నాలుక వెనుక పెద్ద గది, ముందు అంగిలి దగ్గర సన్నని దారి ఉంటాయి. అలాంటి పాత్రకు అనునాదం లెక్కగట్టే సూత్రం ఇది.

```
F = (c / 2π) · √( A / (V · L) )
```

ఇక్కడ `c` ధ్వని వేగం, సెకనుకు 35,000 సెంటీమీటర్లు. `V` వెనుక గది ఘనపరిమాణం, `A` సన్నని దారి వైశాల్యం, `L` దాని పొడవు. దారి వైశాల్యం అర చదరపు సెంటీమీటరు, పొడవు 4 సెంటీమీటర్లు అనుకుందాం. గది 60 ఘన సెంటీమీటర్లయితే అనునాదం సుమారు 254 హెర్ట్జ్ వస్తుంది. ముందుభాగాన్ని కదపకుండా గదిని 45కి తగ్గిస్తే 294 అవుతుంది. నిజమైన గొంతు గోడలు మెత్తన, గొట్టం వంకరది కాబట్టి ఈ అంకెలు ఉజ్జాయింపే. అయినా నాలుక ఎత్తు మార్చకుండా, వెనుక గదిని మాత్రమే మార్చి అచ్చును మార్చవచ్చని ఇది స్పష్టంగా చూపుతుంది.

చిక్కేమిటంటే నాలుక ఘనపరిమాణం మారదు. మొదలును ముందుకు లాగితే ఆ మాంసం ఎక్కడికో ఒకచోటికి పోవాలి కదా, నాలుక వీపు పైకి లేస్తుంది. అందుకే మొదలు కదలికా ఎత్తు మార్పూ తరచు కలిసే వస్తాయి. `F1` తగ్గిందంటే ఈ రెండింటిలో ఏది జరిగిందో ఆ ఒక్క అంకె చెప్పదు. ధ్వనిశాస్త్రవేత్త పీటర్ లాడిఫోగెడ్ 1964లో ప్రచురించిన పశ్చిమ ఆఫ్రికా భాషల అధ్యయనంలో ఇగ్బో అచ్చులకు ఎక్స్‌రే చిత్రాలు ఉన్నాయి. 1967లో భాషాశాస్త్రవేత్త జాన్ స్టీవర్ట్ అకన్ భాషలోని రెండు జట్ల అచ్చులకు నాలుక మొదలే ఆధారమని వాదించాడు. ట్వీ ఆ అకన్ భాషకు చెందినదే. ఆ తరువాత మోనా లిండావ్ ఎక్స్‌రేలతో చూపించినది నాకు మరీ ముఖ్యం. ముందు రకంలో నాలుక మొదలు జరగడమే కాదు, స్వరపేటిక కూడా కిందికి దిగుతుంది. మొత్తం గది పెరగడమే అసలు సంగతి. ఆవులింత ఉపాయం పనిచేసేది అందుకే. ఆవులింతలో కూడా ఆ రెండూ కలిసే జరుగుతాయి.

జూన్ చివర: ఇక్కడే ఇరుక్కునేది

రికార్డింగులు విన్నాక అసలు కష్టం బయటపడింది. `fi`, `fe` రెండింటినీ వేరుచేయడం కష్టం కాదు, రెండో రోజుకే చెవికి పట్టుబడింది. కష్టమంతా వెనుక రకం ఇకారానికీ ముందు రకం ఎకారానికీ మధ్య ఉంది. ఇకారాన్ని గొంతు ఇరుకు చేసి పలికితే `F1` పెరుగుతుంది. ఎకారాన్ని గొంతు పెద్దది చేసి పలికితే `F1` తగ్గుతుంది. ఒకటి దిగి వస్తుంది, ఇంకొకటి ఎక్కి వస్తుంది, రెండూ ఒకేచోట ఎదురుపడతాయి.

ట్వీ రాతలో ఈ రెండింటికీ ఒకటే అక్షరం. `de` అనే మాటలో ఉన్నది వెనుక రకం ఇ. ఇల్లు అనే అర్థమున్న `efie`లో మొదట ఉన్నది ముందు రకం ఎ. రెండూ `e` అనే రాస్తారు. ఆ విద్యార్థిని గొంతులో `fi` అచ్చుకు `F1` 330 ప్రాంతంలో వచ్చింది. `de` అచ్చూ `efie` మొదటి అచ్చూ రెండూ 440, 450 మధ్యే తేలాయి.

అంకెల మీద నమ్మకం పెట్టుకునే ముందు ఒక ప్రమాదాన్ని పట్టించుకోవాలి. ఆమె స్థాయి 220 హెర్ట్జ్ చుట్టూ ఉంది. అంటే ఆమె గొంతులో ధ్వనిశక్తి ఉండేది 220, 440, 660 దగ్గరే. మధ్యలో ఏమీ లేదు. అనునాదం 400 దగ్గర ఉన్నా 480 దగ్గర ఉన్నా ధ్వనులను కొలిచే ప్రాట్ అనే ప్రోగ్రాం దానికి అందిన 440 వైపే జారుతుంది. హెచ్చుస్థాయి గొంతుల్లో ఇది మామూలే. వేర్వేరు అచ్చులకు ఒకటే అంకె వస్తూ, ఆ అంకె స్థాయికి సరిగ్గా రెట్టింపో మూడింతలో అయితే కొలిచింది అచ్చును కాదని అనుమానించాలి.

దీనికి దారి చూపింది ఇక్కడి సంగీత కళాశాలలో గాత్రం నేర్చుకున్న మా పక్కింటి మాస్టారు. "ఒకే స్వరం మీద నిలబెట్టకండి, అచ్చు మార్చకుండా పై నుంచి కిందికి జారు పట్టించండి" అన్నారు. జారులో 260 నుంచి 160 వరకు స్థాయి మెల్లగా దిగుతుంటే దాని రెట్టింపులు కూడా దిగుతూ అనునాదం మీదుగా దాటుతాయి. దాటే క్షణంలో శబ్దం కాస్త ఉబ్బుతుంది, చెవికి కూడా తెలుస్తుంది. జారు పొడవునా కొలిచి చూస్తే అంకె ఒకచోట అతుక్కుపోయిందో నిజంగా నిలకడగా ఉందో తేలిపోతుంది. పై అంకెలు ఆ పద్ధతిలో వచ్చినవే.

అచ్చు మొదలును `t1`, చివరను `t2` అనుకుని నడిబిందువు దగ్గర కొలిచే ఆదేశాలు ఇవి. మగ గొంతుకు 5000, ఆడ గొంతుకు 5500 అని మార్చుకోవాలి.

```
t = 0.5 * (t1 + t2)
To Formant (burg): 0, 5, 5500, 0.025, 50
f1 = Get value at time: 1, t, "hertz", "linear"
```

`F1` ఒకటే అయినప్పుడు ట్వీ మాట్లాడేవాళ్ళు ఎలా వేరుచేస్తున్నారు? ఆ రెండు అచ్చులను మాటల్లోంచి కత్తిరించి, నిడివి, బిగ్గరతనం సమానం చేసి ఆమెకే వినిపించాను. ఒంటరిగా వింటే ఆమె కూడా తటపటాయించింది. "రెండూ ఒకటిలాగే ఉన్నాయి సర్, కానీ ఒకటి లోతుగా ఉంది, ఇంకొకటి గొంతు నొక్కినట్టు ఉంది" అంది. లోతుగా ఉందన్నది `efie` అచ్చు. ముందు రకం అచ్చులు గుల్లగా, ఊపిరి కలిసినట్టు ఉంటాయనీ, వెనుక రకంవి గొంతు నొక్కినట్టు, మెరుస్తున్నట్టు ఉంటాయనీ ఈ భాషలను పరిశీలించినవారు చెప్పేదీ అదే. మామూలుగా రెండు అచ్చుల గొంతు గుణాన్ని పోల్చడం కష్టం, ఎందుకంటే `F1` వేరైతే వాటి ధ్వనిశక్తి పంపకం కూడా దానివల్లే మారిపోతుంది. ఇక్కడ `F1` దాదాపు ఒకటే కావడం మాకు కలిసొచ్చింది. ఒకే శ్రుతిలో పాడించి రెండింటి వర్ణపటాలనూ ఒకదాని మీద ఒకటి పెడితే, `efie` అచ్చులో పై పౌనఃపున్యాల బలం తక్కువగా కనిపించింది. ఆమె చెవి చెప్పినదానికి అది సరిపోయింది.

కానీ వాళ్ళు రోజువారీగా ఆధారపడేది ఈ సన్నని తేడా మీద కాదు. ట్వీలో ఒక మాటలోని అచ్చులన్నీ సాధారణంగా ఒకే జట్టువై ఉంటాయి. అతడు తింటాడు అనడానికి `odi`, అతడు తీసుకుంటాడు అనడానికి `ɔde`. అతడు అనే ముందరి ముక్క ఒకటే, కానీ ధాతువు ముందు రకమైతే అది బిగువైన ఒకారం, వెనుక రకమైతే విప్పారిన ఒకారం. ఒకారాల్లో ఆ తేడా చెవికి పెద్దదిగానే వినిపిస్తుంది. కాబట్టి ధాతువులో ఉన్నది ఏ ఇకారమో వినకముందే దాని జట్టు తెలిసిపోతుంది. ఒకే సమాచారం రెండుచోట్ల వినబడుతుంది, ఒకచోట మసకైతే ఇంకోచోట స్పష్టం. ఈ పద్ధతిని స్వరసమత అంటారు. యొరూబా లాంటి కొన్ని భాషల్లో వెనుక రకం ఇ, ఉ లేకుండా ఏడు అచ్చులే ఉండటం నాకు ఇప్పుడు వింతగా అనిపించడం లేదు. అంత దగ్గరగా నిలబడ్డ రెండు ధ్వనులను విడివిడిగా కాపాడుకోవడం ఏ భాషకైనా శ్రమే.

జూలై: మేకుంది, మేకుంది

తెలుగు భాగానికి వచ్చాను. మేక, మేకు అని విడివిడిగా వినిపించి తేడా గుర్తిస్తారా అని అడిగితే ఉపయోగం లేదు. చివర అకారమో ఉకారమో వినబడుతూనే ఉంటుంది, ఏకారాన్ని ఎవరూ పట్టించుకోరు. ఆ చివరి అచ్చును తీసేసి చూడాలి. తీసేసే పని మన భాషే చేసిపెడుతుంది. మేక ఉంది అన్నా, మేకు ఉంది అన్నా మాటల్లో సంధి జరిగి రెండూ మేకుంది అవుతాయి. కోట ఉంది, కోటు ఉంది రెండూ కోటుంది. ఏకారాన్ని దింపిన అకారం ఇప్పుడు లేదు. మరి దిగిన ఏకారం దిగే ఉంటుందా, ఎదుట ఉకారం ఉంది కదా అని బిగుసుకుంటుందా? జెరాల్డ్ కెల్లీ 1963లోనే తెలుగు అచ్చుల లెక్కనూ బయటి సంధినీ కలిపి చర్చించాడు. ఈ ప్రశ్న ఎంత గట్టిదో అప్పుడే తెలుసన్నమాట.

రాసి ఇచ్చి చదివిస్తే పనికిరాదు. మేక ఉంది అని విడదీసి, బడిలో చదివినట్టు చదువుతారు. బొమ్మలు గీసి చూపిస్తూ "అక్కడ ఏముంది?" అని అడిగాను. మేక బొమ్మ, మేకు బొమ్మ, కోట బొమ్మ, కోటు బొమ్మ, మధ్యలో సంబంధం లేని మంచం, చెప్పు, గొడుగు లాంటివి కలిపాను. గోడ, గోడు జత కూడా పెట్టాలని ఉండేది, కానీ గోడును బొమ్మ గీయలేం. ప్రధాన వక్త మా వీధి వడ్రంగి. స్థాయి 110 హెర్ట్జ్ చుట్టూ ఉంటుంది కాబట్టి జారు అవసరం లేకుండానే కొలతలు నమ్మదగ్గవి. పైగా మేకు అనే మాట ఆయన నోట రోజంతా నలిగేదే.

ఆయన మేక ఏకారానికి `F1` 540 దగ్గర, మేకు ఏకారానికి 430 దగ్గర వచ్చింది. సంధి జరిగిన మేకుందిలో తేడా కొంత తగ్గింది, కానీ పోలేదు. మేక అర్థంలో 510 ప్రాంతం, మేకు అర్థంలో 430. నడిబిందువు దగ్గరే కాక అచ్చులో పావు వంతు దగ్గరా ముప్పావు దగ్గరా కూడా కొలిచాను. పక్క అచ్చు కేవలం లాగుతున్నట్లయితే తేడా అచ్చు చివర పెద్దదిగా, మొదట్లో కనిపించనట్టుగా ఉండాలి. ఇక్కడ పావు వంతు దగ్గరే తేడా ఉంది. నోరు తెరిచేసరికే ఇది మేక ఏకారమా మేకు ఏకారమా అన్నది నిర్ణయమైపోయి ఉందన్నమాట.

వినే పరీక్షలో "అక్కడ" అనే మాట కత్తిరించి, మేకుంది అన్న ముక్కను మాత్రమే వినిపించి, మేక, మేకు బొమ్మల్లో ఒకటి చూపమన్నాను. ముందు వడ్రంగినే అడిగాను, ఈ రెండు ఏకారాలూ వేరుగా పలుకుతున్నారా అని. "ఏ అంటే ఏయే కదా మాస్టారు, రెండు ఎలా ఉంటాయి?" అన్నాడు. తన గొంతే తిరిగి వినిపిస్తే ఒకదాని తరువాత ఒకటి సరైన బొమ్మనే చూపించాడు. మా పిన్ని మరీ తేల్చేసింది. "ఇది మేక కదా నాయనా, దీన్ని మేకు అని ఎవరంటారు?" అని నన్నే అడిగింది. అందరూ అంత స్థిరంగా చెప్పలేదు. వేగంగా పలికిన ముక్కల దగ్గర చాలామంది ఆగారు. నెమ్మదిగా పలికినవాటిలో మాత్రం ఎక్కువమంది ఎక్కువసార్లు సరైన బొమ్మనే ఎంచుకున్నారు. కోటుంది విషయంలోనూ అలాగే. విజయనగరంలో కోటుంది అనగానే ఎవరికైనా ఊరి కోటే మెదులుతుంది కాబట్టి ఆ జతలో ఒకవైపు మొగ్గు సహజం. అందుకే నా తీర్మానాలకు మేక జతనే ఎక్కువ నమ్ముకున్నాను.

తేడా నిజంగా ఏకారంలోనే ఉందని రుజువు కావాలి కదా. మేకు అర్థంలో పలికిన ముక్క నుంచి మే తీసి, మేక అర్థంలో పలికిన కుందికి అతికించాను. అతుకు పడాల్సింది కకారం ముందరి నిశ్శబ్దంలో. అక్కడైతే టిక్కుమనే చప్పుడు రాదు. మే నిడివిని రెండు ముక్కల్లోనూ సమం చేశాను, లేకపోతే జనం నిడివిని పట్టుకుని ఊహిస్తారు. శ్రోతలు మే వెంటే వెళ్ళారు. కుంది ఏ ముక్కలోంచి వచ్చినా వాళ్ళ జవాబు మారలేదు.

ఆగస్టు: మెట్లు

మేకు, మేక మధ్య `F1`ను 20 హెర్ట్జ్ చొప్పున మెట్లుగా మార్చి కొత్త ధ్వనులు తయారుచేశాను. ప్రాట్‌లో ధ్వనిని 10,000 హెర్ట్జ్‌కు తగ్గించి, గొంతు మూలధ్వనినీ నోటి వడపోతనూ విడదీసి, వడపోతలో మొదటి ఫార్మంట్‌ను మాత్రం జరిపి, మళ్ళీ కలపాలి. ఇలా చేస్తే 5,000 పైన ఉన్నదంతా పోయి, గొంతు ఫోనులో మాట్లాడినట్టు అవుతుంది. కాబట్టి మార్చని రెండు చివరలనూ ఇదే యంత్రంలోంచి దాటించాలి. లేకపోతే శ్రోతకు అచ్చు తేడా కన్నా ధ్వని నాణ్యత తేడానే ముందు వినబడుతుంది.

వడ్రంగి గొంతు మీద తయారైన మెట్లలో, 480 దిగువన ఉన్నవాటికి శ్రోతలు మేకు బొమ్మే చూపారు. 500 దాటాక మేక వైపు తిరిగారు. మధ్యలో ఒకరిద్దరు బొమ్మల మీద వేలు ఆడించి ఆగిపోయారు. తెలుగు చెవికి ఇంత చిన్న `F1` తేడా చాలునన్నది ఈ పరీక్షలో నాకు బాగా తెలిసివచ్చిన సంగతి. ఇది మరొకరి గొంతుకు ఇవే అంకెల దగ్గర జరగదు. ఆడవాళ్ళ గొట్టం పొట్టి కాబట్టి అన్నీ పైకి జరుగుతాయి.

అవే మెట్లను ట్వీ విద్యార్థినికి కూడా వినిపించాను. మేకు వైపు మెట్లను తన ముందు రకం ఎకారానికి దగ్గరగానూ, మేక వైపు మెట్లను `ɔde` ముందరి ఒకారంలాగా విప్పారిన తన వెనుక రకం ఎకారానికి దగ్గరగానూ విన్నది. అంతవరకు చూస్తే మన తేడా వాళ్ళ తేడానే అనిపిస్తుంది. కానీ ఆమె ఇంకొక మాట చేర్చింది. "మేకులో ఉన్నది బిగువుగా ఉంది కానీ మా దానిలాగా లోతుగా లేదు" అంది. వడ్రంగి రెండు ఏకారాల వర్ణపటాల్లో ఆ రకం తేడా నాకూ కనబడలేదు. అయితే ఇక్కడ `F1` వేరువేరు కాబట్టి ఈ పోలికను గట్టి సాక్ష్యంగా తీసుకోను.

ఆగస్టు చివర: నాలుక మొదలా, ఎత్తా?

మూడు పరీక్షలు చేయగలిగాను.

మొదటిది దవడకు సంబంధించినది. మేకలో ఏకారం దిగడానికి దవడ కిందికి వేలాడటమే కారణమేమోనన్న అనుమానం ఉండేది. వడ్రంగి తానే సెంటీమీటరు మందం టేకు ముక్క చెక్కి, అంచులు గరుకుకాగితంతో రుద్ది, దానికి రంధ్రం చేసి దారం కట్టాడు. దారం చివర చేతికి చుట్టుకోవాలి, ముక్క గొంతులోకి జారిపోకుండా. దాన్ని పక్క దవడపళ్ళ మధ్య కొరికిపట్టి మేకుంది అని రెండు అర్థాల్లోనూ పలికాడు. దవడ కదలదు. అయినా తేడా దాదాపు అంతే మిగిలింది. కాబట్టి దవడ కదలకపోయినా నాలుక ఒక్కటే ఆ పని చేయగలదు.

రెండోది చిటికె. మేక ఏకారం, మేకు ఏకారం ఆకారాల్లో నోటిని నిలిపి గొంతు మీద చిటికె వేస్తే శబ్దం స్థాయి మారుతుంది. కానీ గడ్డం కింద బొటనవేలికి ట్వీ ముందు రకం అచ్చుల్లో తెలిసినంత గట్టిదనం తెలియలేదు. ఇది వేలి అనుభవం, కొలత కాదు. నాలుక వీపు లేచినా ఆ కండరం కొంత బిగుస్తుంది.

అన్నిటికన్నా బరువైనది మూడోది. ట్వీలో ఈ తేడా ఎ, ఒలతో ఆగదు. ఇ, ఉలకు కూడా రెండేసి రకాలున్నాయి. తెలుగులో తరువాతి అచ్చు నాలుక మొదలును కదిలిస్తున్నట్లయితే ఈకారం కూడా కదలాలి. మీట, మీటు అనే జతను అదే పద్ధతిలో రికార్డు చేశాను. మీటలో ఈకారం తరువాత అకారం ఉంది, మీటులో ఉకారం. రెండింటి `F1` మధ్య తేడా, ఒకే మాటను పదేపదే పలికినప్పుడు సహజంగా వచ్చే తేడా కన్నా పెద్దదిగా లేదు. ఈకారం చలించలేదు.

అందువల్ల తెలుగు మేక, మేకు తేడాను ఏటీఆర్ తేడా అని పిలవడానికి నా దగ్గరున్న ఆధారాలు చాలవని నా అభిప్రాయం. ఏ, ఓలు మాత్రమే ఎక్కి దిగుతున్నాయి, గొంతు గుణం మారినట్టు కనిపించడం లేదు, ఈకారం కదలడం లేదు. దీన్ని నాలుక ఎత్తు తేడాగా చూడటమే ఇప్పటికి పొదుపైన వివరణ. లెక్క సులువవుతుందని ధ్వని నియమాలు రాసేటప్పుడు ఏటీఆర్ గుర్తును వాడుకోవచ్చు. కాని గుర్తు వాడుకోవడం వేరు, గొంతులో మొదలు కదిలిందని చెప్పడం వేరు. ఇంగ్లీషు విషయంలో ఇలాంటి గందరగోళమే ఉండేది. 1996లో మార్క్ టీడ్ ఎంఆర్‌ఐ చిత్రాలతో అకన్, ఇంగ్లీషు అచ్చులను పోల్చి, అకన్ మాట్లాడేవాళ్ళు గొంతు ఖాళీని మార్చే తీరు ఇంగ్లీషు బిగువు, వదులు అచ్చుల తీరుతో సమానం కాదని చూపించాడు. ఈ ప్రశ్నను తేల్చింది నాలుకను చూపించిన చిత్రమే.

మనకు ఎంఆర్‌ఐ అక్కర్లేదు, గడ్డం కింద ఆనించే అల్ట్రాసౌండు పరికరం చాలు. నాలుక ఉపరితలం, మొదలు వైపు కొంతవరకు తెర మీద గీతలా కనిపిస్తుంది. పరికరాన్ని తలకు కదలకుండా కట్టగలిగితే మేక, మేకు గీతలను ఒకదాని మీద ఒకటి పెట్టి, వీపు మాత్రమే లేచిందా, మొదలు కూడా జరిగిందా అని నేరుగా చూడవచ్చు. పరికరం ఉన్న ఒక పరిశోధకుడు అక్టోబరులో విశాఖపట్నం వస్తున్నారు. వడ్రంగి, విద్యార్థిని ఇద్దరూ రావడానికి సిద్ధం. అప్పటికి బొమ్మల్లో మూట, మూటి లాంటి ఊకారం జత ఒకటి చేర్చాలి. మూటికి బొమ్మ దొరకదు కాబట్టి వేరే జత వెతుకుతున్నాను.